లెక్కలో ముప్పై రెండు, చేతిలో మూడు: 1997లో బాట్ ఎలా కూలింది

1997 జూన్ ఆఖరుకి థాయ్‌లాండ్ కేంద్ర బ్యాంకు పుస్తకాల్లో సుమారు 32 బిలియన్ డాలర్ల విదేశీ మారక నిల్వలున్నాయి. బిలియన్ అంటే వంద కోట్లు, కాబట్టి ఇది చిన్న మొత్తమేమీ కాదు. అయితే అందులో ఎవరికీ బాకీ లేని సొమ్ము 3 బిలియన్లకన్నా తక్కువ. మిగతాదంతా రాబోయే నెలల్లో తిరిగి ఇస్తామని సంతకాలు పెట్టేసిన డాలర్లే. జూలై 2న థాయ్ కరెన్సీ బాట్ రేటుని మార్కెట్‌కి వదిలేశారు. పదమూడేళ్లుగా డాలరుకి 25 దగ్గర కదలకుండా కూర్చున్న కరెన్సీ ఆరు నెలల్లో 56 దాకా జారిపోయింది.

ఈ కథ చెప్పేటప్పుడు మామూలుగా అమెరికన్ పెట్టుబడిదారు జార్జ్ సోరోస్ పేరు ముందుకొస్తుంది. ధనవంతుల డబ్బుతో భారీ పందేలు కాసే హెడ్జ్ ఫండ్లు నాలుగు కలిసి ఒక దేశాన్ని కూల్చాయన్నది వినడానికి బాగుంటుంది కానీ, అసలు సంగతి అర్థం కావాలంటే రెండు ప్రశ్నలు అడగాలి. లెక్కలో 32 చూపిస్తుండగానే చేతిలో మూడు ఎలా మిగిలింది? అంతవరకు నమ్మకంగా ఉన్న మార్కెట్ ఒక్క వారంలో ఎందుకు ఎదురు తిరిగింది?

పందెం ఖరీదెంత?

ఒక కరెన్సీ విలువ పడుతుందని అనుకునేవాడు ఏం చేస్తాడు? ఆ కరెన్సీని అప్పు తీసుకుని, అమ్మి, డాలర్లు కొని పెట్టుకుంటాడు. విలువ పడ్డాక తక్కువ డాలర్లతోనే ఆ కరెన్సీని తిరిగి కొని అప్పు తీరుస్తాడు. షార్ట్ చేయడం అంటే ఇంతే.

లెక్క వేసి చూద్దాం. డాలరుకి 25 చొప్పున 250 కోట్ల బాట్ అప్పు తెచ్చి, అమ్మి, 10 కోట్ల డాలర్లు కొన్నామనుకోండి. బాట్ అప్పుకి ఏడాదికి 15 శాతం వడ్డీ. చేతిలోని డాలర్లని డిపాజిట్ చేస్తే 5 శాతం వస్తుంది. తేడా ఏడాదికి 10 శాతం, అంటే నెలకి 0.83 శాతం. రేటు కదలకపోతే నెల తిరిగేసరికి మన నష్టం సుమారు 8.3 లక్షల డాలర్లు, అంతకు మించి పోదు. అదే బాట్ 31.25కి పడితే? 250 కోట్ల బాట్ కొనడానికి 8 కోట్ల డాలర్లు చాలు. వడ్డీ పోను మిగిలే లాభం 1.9 కోట్లకు పైనే.

ఒకవైపు 8 లక్షలు, మరోవైపు 1.9 కోట్లు. ఈ పందెం గిట్టుబాటు కావడానికి విలువ పడే అవకాశం సగానికి సగం ఉండక్కర్లేదు. పాతికలో ఒక వంతు, అంటే 4 శాతం ఉంటే చాలు. స్థిరమైన మారకపు రేటులో ఉన్న అసలు లోపం ఇదే. బాట్ పెరుగుతుందేమోనన్న భయం షార్ట్ చేసేవాడికి దాదాపు లేదు, ఎందుకంటే రేటుని ఒకచోట కట్టేసింది కేంద్ర బ్యాంకే. పోతే వడ్డీ పోతుంది, వస్తే ఇరవై శాతం వస్తుంది. ఒక్కవైపే తూగే తక్కెడ ఇది.

నిజానికి పెద్ద ఆటగాళ్లు బాట్‌ను నేరుగా అప్పు తెచ్చుకోరు, ఫార్వర్డ్ ఒప్పందంలో అమ్ముతారు. నెల తర్వాత మీకు బాట్ ఇస్తాను, మీరు నాకు డాలర్లివ్వండి, రేటు మాత్రం ఇవాళే ఖాయం చేసుకుందాం అని ఒక బ్యాంకుతో రాసుకుంటారు. పై వడ్డీల ప్రకారం ఆ రేటు 25.21 దగ్గర ఉంటుంది. వడ్డీ తేడాయే ఆ 21 పైసల రూపంలో కనిపిస్తుంది కాబట్టి లెక్క మారదు. ఇక్కడ గమనించాల్సింది బ్యాంకు ఏం చేస్తుందన్నది. నెల తర్వాత చేతికొచ్చే బాట్‌ను ఉత్తినే పెట్టుకుని ప్రమాదం మోయడం దానికి ఇష్టముండదు. అందుకని ఆ రోజే అంత బాట్ సమకూర్చుకుని స్పాట్ మార్కెట్లో, అంటే అప్పటికప్పుడు చేతులు మారే మార్కెట్లో అమ్మేస్తుంది. ఒప్పందం నెల తర్వాతిదే అయినా దెబ్బ కేంద్ర బ్యాంకుకి ఆ సాయంత్రమే తగులుతుంది.

నిల్వలు కనబడకుండా కరిగే దారి

రేటు 25 దగ్గర నిలబెడతానని మాటిచ్చిన కేంద్ర బ్యాంకు, అమ్మకానికొచ్చిన ప్రతి బాట్‌నీ కొనాలి, బదులుగా డాలర్లివ్వాలి. నిల్వలు 30 బిలియన్లున్నాయనుకుందాం. ఈ వారం 5 బిలియన్లు అమ్మింది. రెండు సంగతులు జరుగుతాయి. నిల్వలు 25కి దిగుతాయి. అంతే ముఖ్యంగా, దేశంలోని బ్యాంకుల నుంచి 125 బిలియన్ల బాట్ కేంద్ర బ్యాంకు ఖజానాలోకి వెళ్లిపోతుంది. బ్యాంకుల దగ్గర డబ్బు కరువై వడ్డీలు పైకి లేస్తాయి.

నిజానికి ఇదే మందు. వడ్డీలు పెరిగితే బాట్ అప్పు ఖరీదవుతుంది, షార్ట్ చేసేవాడికి చురుకు తగులుతుంది. కానీ థాయ్‌లాండ్ ఆ మందు మింగే స్థితిలో లేదు. అక్కడ బ్యాంకులతో పాటు ఫైనాన్స్ కంపెనీలనేవి పదుల సంఖ్యలో ఉండేవి. అవి తక్కువ గడువుకి అప్పు తెచ్చి భూములకీ, అపార్టుమెంట్లకీ, షేర్ల కొనుగోళ్లకీ ఎక్కువ గడువు అప్పులిచ్చాయి. 1997 ఫిబ్రవరిలో సోంప్రసోంగ్ ల్యాండ్ అనే నిర్మాణ సంస్థ తన విదేశీ బాండ్ల మీద కట్టాల్సిన సొమ్ము కట్టలేకపోవడంతో ఈ గుట్టు బయటపడింది. ఫైనాన్స్ కంపెనీల నుంచి డిపాజిటర్లు డబ్బు తీసేసుకుంటుంటే, కేంద్ర బ్యాంకు ఆధ్వర్యంలోని ఒక నిధి వందల బిలియన్ల బాట్ అప్పిచ్చి వాటిని బతికిస్తోంది. అలాంటి సమయంలో వడ్డీలు పెంచడమంటే ఒక చేత్తో ఆక్సిజన్ పెడుతూ రెండో చేత్తో గొంతు నొక్కడమే.

అందుకని కేంద్ర బ్యాంకు ఒక నేర్పు చూపించింది. స్వాప్ అనే ఒప్పందంలో బ్యాంకుల దగ్గర డాలర్లు తీసుకుని బాట్ ఇచ్చేది. మూడు నెలలకో, ఆరు నెలలకో ఈ డాలర్లు మీకు తిరిగిస్తాను, నా బాట్ నాకివ్వండి అని అప్పుడే రాసిచ్చేది. పై లెక్కలో చూస్తే, 5 బిలియన్ల డాలర్లు అమ్మి నిల్వలు 25కి దిగాయి కదా, ఇప్పుడు 5 బిలియన్ల స్వాప్ చేయగానే మళ్లీ 30 అయ్యాయి. బయటికి వెళ్లిన 125 బిలియన్ల బాట్ కూడా మళ్లీ బ్యాంకులకి చేరింది, వడ్డీలు చల్లబడ్డాయి. ప్రకటించే అంకె మారలేదు. ఇదే పని అయిదుసార్లు చేస్తే నిల్వలు 30 అనే చూపిస్తాయి కానీ, అందులో 25 బిలియన్లు గడువు తీరగానే ఇవ్వాల్సినవి. చేతిలో నికరంగా మిగిలింది అయిదు.

అప్పట్లో లెక్కల నిబంధనల ప్రకారం ఇందులో అబద్ధమేమీ లేదు. డాలర్లు నిజంగానే ఖజానాలో ఉన్నాయి. తిరిగిస్తామన్న వాగ్దానం మాత్రం ఖాతాల బయట ఉంది. ఈ ఏర్పాటులో అంతకన్నా విడ్డూరమైన సంగతి ఇంకోటుంది. స్వాప్ ద్వారా కేంద్ర బ్యాంకు విడుదల చేసిన బాటే షార్ట్ చేసేవాళ్లకి అప్పుగా చేరుతోంది. తనమీద పందెం కాసేవాడికి పెట్టుబడి తనే సమకూర్చిందన్నమాట. మన చేత్తో మన కంట్లోనే పొడుచుకోవడమంటే ఇదే.

మే నెల రెండో వారంలో పెద్ద దాడి వచ్చింది. ఒక్క మే 14న కాపలా కోసం కేంద్ర బ్యాంకు వాడిన మొత్తం దాదాపు 10 బిలియన్ డాలర్లు. ఆ వారం పదిరోజుల్లో నికర నిల్వలు సుమారు 20 బిలియన్ల మేర హరించుకుపోయాయి. సింగపూర్, హాంకాంగ్, మలేసియా కేంద్ర బ్యాంకులు కూడా బాట్ కొని చేయందించాయి. చివరికి మే 15న థాయ్ కేంద్ర బ్యాంకు ఇంకో దారి పట్టింది. విదేశీయులకి బాట్ అప్పివ్వొద్దని దేశంలోని బ్యాంకులకి చెప్పేసింది. దాంతో బాట్ మార్కెట్ రెండు ముక్కలైంది. లోపల వడ్డీలు మామూలుగా ఉంటే, బయట సింగపూర్, హాంకాంగ్‌లలో ఒక్క రాత్రికి బాట్ అప్పు కావాలంటే ఏడాదికి వందల శాతం వడ్డీ అడిగారు. షార్ట్ చేసినవాళ్లలో కొందరికి గట్టి నష్టాలొచ్చాయి. మార్కెట్ చల్లబడింది. బాట్ గెలిచిందని చాలామంది రాశారు. నిజానికి గెలిచే సరికే జేబు ఖాళీ అయింది, ఆ సంగతి కేంద్ర బ్యాంకులో కొద్దిమందికి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక్కసారిగా ఎందుకు?

నిల్వలు నెలకి ఇంత చొప్పున కరుగుతుంటే అవి సున్నా అయ్యేదాకా రేటు నిలబడాలి కదా, మరి మధ్యలోనే ఎందుకు కూలుతుంది? 1979లో ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ దీనికి చక్కటి జవాబు చెప్పాడు. అంకెలు నావి, తర్కం ఆయనది.

కేంద్ర బ్యాంకు లోపల అప్పులిస్తూ ద్రవ్యాన్ని పెంచుతోంది. జనానికి అంత బాట్ అక్కర్లేదు కాబట్టి ఎక్కువైనది డాలర్లుగా మార్చుకుంటున్నారు. నిల్వలు 30 బిలియన్లు, నెలకి ఒకటి చొప్పున తగ్గుతున్నాయి. సాదాసీదాగా చూస్తే ముప్పై నెలలు నడవాలి. అయితే ముప్పయ్యో నెలలో నిల్వలు అయిపోయిన క్షణాన రేటు 25 నుంచి ఒక్క ఉదుటున 33కి దూకుతుందనుకోండి. ముందురోజు డాలరు 25కి కొన్నవాడికి రాత్రికి రాత్రే ముప్పై శాతానికి పైగా లాభం. ఇది అందరికీ తెలిసినప్పుడు ముందురోజే అందరూ ఎగబడతారు. అది తెలిసినవాడు ఇంకో రోజు ముందే వస్తాడు. అలా ముందుకి ముందుకి జరుగుతూ ఎక్కడ ఆగుతుంది?

ఇక్కడే నీడ రేటు అనే ఊహ పనికొస్తుంది. ఇవాళే నిల్వలన్నీ ఎవరో కొనేస్తే, ఆ తర్వాత మార్కెట్లో డాలరు ఎంత పలుకుతుంది? అదే ఇవాళ్టి నీడ రేటు. అయిదో నెలలో అది 22 అనుకోండి. అప్పుడు దాడి చేసినవాడు 25 పెట్టి డాలర్లు కొని, 22 పలికే మార్కెట్లో నష్టపోతాడు. అందుకే ఎవరూ కదలరు. లోపలి అప్పులు పెరిగేకొద్దీ నీడ రేటు ఎక్కుతుంది. పన్నెండో నెలలో అది సరిగ్గా 25కి చేరిందనుకోండి. ఆ క్షణం దాటితే ఆగినవాడికి నష్టమే. అప్పటికి ఖజానాలో ఇంకా 18 బిలియన్లున్నాయి. అవన్నీ ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ అవుతాయి. కాబట్టి నిల్వల గీత మెల్లగా వాలుతూ వచ్చి చివర్లో నిట్టనిలువుగా కూలుతుంది. అది భయంతో పిచ్చెక్కిన మార్కెట్ కాదు, లెక్క తెలిసిన మార్కెట్.

ఈ వివరణ అందంగా ఉంది కానీ థాయ్‌లాండ్‌కి సగమే సరిపోతుంది. క్రుగ్‌మన్ నమూనాలో దోషి బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి నోట్లు ముద్రించే ప్రభుత్వం. థాయ్ ప్రభుత్వానికి అంతకు ముందు ఏళ్లలో బడ్జెట్ మిగులే ఉంది. లోపలి అప్పు పెరిగింది ఫైనాన్స్ కంపెనీల్ని బతికించడం వల్ల. ఇంకా పెద్ద తేడా ఏమిటంటే, ఆ నమూనాలో కూలడం ముందే రాసిపెట్టి ఉంటుంది, ఎప్పుడన్నదే ప్రశ్న. 1997 ఏప్రిల్‌లో బాట్ కూలడం రాసిపెట్టి ఉందా? నా ఉద్దేశంలో లేదు. రేటు కొంత తప్పు అన్నది నిజం. డాలర్‌కి కట్టేసి ఉండటం వల్ల 1995 నుంచి యెన్ మీద డాలర్ పెరిగేకొద్దీ బాట్ కూడా పెరిగింది, 1996లో ఎగుమతుల పెరుగుదల దాదాపు ఆగిపోయింది, విదేశాలకి చెల్లించేది అక్కడినుంచి వచ్చేదాన్ని మించిన తేడా, అంటే కరెంట్ ఖాతా లోటు, జీడీపీలో 8 శాతం దగ్గరుంది. వీటికి పది పదిహేను శాతం విలువ తగ్గింపు చాలు. సగానికి సగం పడాల్సిన పనిలేదు.

ఎదుటివాడు ఏం చేస్తాడన్న లెక్క

1980ల నుంచి మారిస్ ఒబ్స్ట్‌ఫెల్డ్ వంటి ఆర్థికవేత్తలు చెప్పినది ఇక్కడ పనికొస్తుంది. ఒక చిన్న ఆట ఊహించండి. మార్కెట్లో పాతికమంది ఉన్నారు, ఒక్కొక్కరు ఒక బిలియన్ డాలర్ల విలువైన బాట్ అమ్మగలరు. అమ్మి, రేటు నిలిస్తే ఒక శాతం నష్టం. రేటు పడితే ఇరవై శాతం లాభం.

నికర నిల్వలు 30 ఉంటే, పాతికమంది కలిసినా ఏమీ చేయలేరు. ఎవరూ అమ్మరు. నికర నిల్వలు అర బిలియన్ ఉంటే, ఏ ఒక్కడు అమ్మినా పని అయిపోతుంది. అందరూ అమ్ముతారు. ఈ రెండు కొసల్లో ఊహాగానాలకి చోటే లేదు. మధ్యలో, నిల్వలు 9 ఉన్నప్పుడు కథ మారుతుంది. ఎవరూ అమ్మరని ప్రతివాడూ అనుకుంటే, ఒంటరిగా అమ్మినవాడికి ఒక శాతం నష్టమే కాబట్టి నిజంగానే ఎవరూ అమ్మరు, రేటు నిలుస్తుంది. అందరూ అమ్ముతారని ప్రతివాడూ అనుకుంటే, ఊరుకున్నవాడు మోసపోతాడు కాబట్టి నిజంగానే అందరూ అమ్ముతారు, రేటు కూలుతుంది. దేశం అదే, నిల్వలు అవే, అప్పులు అవే. రెండు ముగింపులూ తమ తమ నమ్మకానికి తగినట్టే నిజమవుతాయి. అంచనా తనను తానే నిజం చేసుకోవడమంటే ఇది.

ఇందులో రెండు విషయాలు జాగ్రత్తగా చూడాలి. ఒకటి, మధ్య జోన్‌లో రెండు ముగింపులకీ సమాన బలం లేదు. మనతో పాటు చాలినంతమంది అమ్మే అవకాశం అయిదు శాతం ఉందనిపిస్తే చాలు, అమ్మడమే లాభం. తక్కెడ ఒకవైపే తూగుతుందని మొదట చెప్పుకున్నది ఇక్కడ తిరిగొస్తుంది. రెండోది, ఊహ ఒక్కటే ఏ దేశాన్నీ కూల్చలేదు. 30 నిల్వలున్న దేశం మీద ఎన్ని పుకార్లు లేచినా ఫలితం లేదు. దేశాన్ని మధ్య జోన్‌లోకి తెచ్చిపడేసేది దాని సొంత బలహీనతే. స్వాప్ ఒప్పందాలు చేసినది సరిగ్గా అదే: 30 దగ్గరున్నట్టు కనిపిస్తూ దేశాన్ని మధ్య జోన్‌లోకి, తర్వాత కింది కొసకి జార్చాయి.

అసలు ఆట ఇంతకన్నా చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే నిల్వలు అయిపోకముందే ప్రభుత్వం చేతులెత్తేయొచ్చు. రేటు నిలబెట్టడానికి ఒక ఖరీదుంది. ఆ ఖరీదుని నిర్ణయించేది మార్కెట్ ఊహే. వారంలో 20 శాతం పడే అవకాశం సగం ఉందని జనం అనుకుంటే, బాట్ చేతిలో ఉంచుకోవడానికి వాళ్లకి వారానికి 10 శాతం వడ్డీ కావాలి. ఏడాదికి అది 520 శాతం. వంద శాతం వడ్డీ అన్నా వారానికి రెండు శాతం కూడా రాదు, అది వాళ్లని ఆపదు. 1992 సెప్టెంబర్‌లో స్వీడన్ కేంద్ర బ్యాంకు ఒక రాత్రి అప్పుకి నిజంగానే 500 శాతం వడ్డీ పెట్టింది. అప్పటికి దాడి ఆగింది. నవంబర్ 19న మళ్లీ వచ్చినప్పుడు తన కరెన్సీ క్రోనాని మార్కెట్‌కి వదిలేసింది. అలాంటి వడ్డీలు ఇంటి అప్పులూ, వ్యాపార అప్పులూ ఉన్న దేశంలో ఎన్ని రోజులు సాగుతాయి? సాగవని మార్కెట్‌కి తెలుసు. ప్రభుత్వం తట్టుకోలేదన్న నమ్మకం వడ్డీ పెంచుతుంది, పెరిగిన వడ్డీ ప్రభుత్వాన్ని తట్టుకోలేకుండా చేస్తుంది.

థాయ్‌లాండ్‌లో ఈ చక్రం ఇంకో ఇరుసు మీద కూడా తిరిగింది. దేశంలోని కంపెనీలూ బ్యాంకులూ డాలర్లలో అప్పు తెచ్చుకున్నాయి, ఎందుకంటే డాలర్ వడ్డీ తక్కువ, రేటు ఎలాగూ కదలదన్న ధీమా. 1996 చివరకి విదేశీ బ్యాంకులకి థాయ్‌లాండ్ ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పు దాదాపు 45 బిలియన్ డాలర్లు. అప్పటి మొత్తం నిల్వలు 39 బిలియన్లకన్నా తక్కువ. ఇప్పుడు ఒక నిర్మాణ సంస్థ కోశాధికారి స్థానంలో నిలబడి చూడండి. కంపెనీకి 2 కోట్ల డాలర్ల అప్పుంది. ఆదాయమంతా బాట్‌లో. బాట్ 25 ఉంటే బాకీ 50 కోట్ల బాట్, 35కి పడితే 70 కోట్లు, ఆ తేడాతోనే కంపెనీ మునుగుతుంది. అతనికి దేశం మీద కసి లేదు, పందెం మీద సరదా లేదు. కానీ అందరికన్నా ముందు డాలర్లు కొనిపెట్టుకోవాల్సింది అతనే. అలాంటివాళ్లు వేలమంది. వాళ్లు జాగ్రత్తపడితే నిల్వలు తరుగుతాయి, నిల్వలు తరిగితే విదేశీ బ్యాంకు అప్పు పొడిగించడానికి వెనకాడుతుంది, పొడిగించకపోతే ఇంకొంతమంది డాలర్ల కోసం పరుగెడతారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 1998లో చేసిన అధ్యయనం ప్రకారం థాయ్ కేంద్ర బ్యాంకు ఫార్వర్డ్ బాకీల్లో, అంటే గడువు తీరాక ఇస్తామని రాసిచ్చిన డాలర్లలో, హెడ్జ్ ఫండ్లకి నేరుగా చేరేది సుమారు 7 బిలియన్లు, మొత్తంలో దాదాపు నాలుగో వంతు. మధ్యవర్తుల ద్వారా వాళ్లు చేసినది ఇంకొంత ఉండొచ్చు. అయినా మిగతా పెద్ద భాగం బ్యాంకులదీ, కంపెనీలదీ, తమ డబ్బు కాపాడుకోవాలనుకున్న మామూలు సంస్థలదీ.

ఒక్క సంకేతం చాలు

నిల్వల నిజం తెలియని మార్కెట్‌కి దాడి సమయం ఎలా కుదిరింది? ఎవరికి వారు అనుమానించడం వేరు, ఎదుటివాడూ అనుమానిస్తున్నాడని తెలియడం వేరు. మొదటిది ఎన్ని నెలలైనా గుట్టుగా ఉండొచ్చు. రెండోదానికి అందరూ ఒకేసారి చూసే సంఘటన కావాలి. జూన్ 19న ఆర్థిక మంత్రి అమ్నుయ్ విరవన్ రాజీనామా చేశాడు. విలువ తగ్గించబోమని పదే పదే చెప్పినవాడు ఆయనే. రాజీనామా వల్ల నిల్వలు ఒక్క డాలరు కూడా తగ్గలేదు. కానీ ప్రతి ట్రేడరూ ఆ వార్త చదివాడు, మిగతావాళ్లూ చదివారని అతనికి తెలుసు. జూన్ 27న పదహారు ఫైనాన్స్ కంపెనీల కార్యకలాపాలు ఆపేశారు. ప్రభుత్వానికి వడ్డీలు పెంచే శక్తి లేదన్న అనుమానం అలా బహిరంగ సత్యమైపోయింది.

జూన్ 30న ప్రధాని చవలిత్ యోంగ్‌చైయుధ్ బాట్ విలువ తగ్గించేది లేదని గట్టిగా ప్రకటించాడు. ఇలాంటి మాటలకి విలువెందుకుండదో కూడా ఈ ఆటే చెబుతుంది. నిజంగా తగ్గించని ప్రధానీ అదే మాట అంటాడు, రెండు రోజుల్లో తగ్గించబోయే ప్రధానీ అదే మాట అనక తప్పదు. తగ్గిస్తామని ముందు చెప్పిన మరుక్షణం ఖజానా ఖాళీ అవుతుంది కదా. రెండు రకాలవాళ్లూ ఒకే మాట అన్నప్పుడు, ఆ మాట విన్నవాడికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

బయటినుంచి చూసేవాళ్లకి ఆనవాళ్లు అసలు లేవా అంటే, ఉన్నాయి. మొత్తం నిల్వల అంకె చెప్పనిది ధరలు చెప్పాయి. దేశం లోపలి వడ్డీకీ, బయటి వడ్డీకీ మధ్య అంత ఎడం ఏర్పడిందంటే గోడ కట్టాల్సొచ్చిందని అర్థం. డాలర్లు భారీగా అమ్ముతున్నారని మార్కెట్‌లో అందరికీ తెలిసిన నెలల్లో కూడా నిల్వల అంకె పెద్దగా తగ్గకపోతే, ఆ డాలర్లు ఎక్కడినుంచో అప్పుగా వస్తున్నాయని అనుమానించాలి. అన్నిటికన్నా తేలిక పరీక్ష, ఏడాదిలోపు తీర్చాల్సిన విదేశీ అప్పుని నిల్వలతో పోల్చడం. థాయ్‌లాండ్ విషయంలో 1996 చివరికే ఆ అప్పు నిల్వలను మించిపోయి ఉంది. అయితే ఈ పోలికకి ఒక హద్దుంది. విదేశీ అప్పంతా కప్పేసే నిల్వలున్నా, దేశంలోని డిపాజిటర్లే తమ డబ్బుని డాలర్లలోకి మార్చుకోవడం మొదలుపెడితే అవీ చాలవు. ఫార్వర్డ్ బాకీలను నిల్వలతో పాటు ప్రచురించాలన్న అంతర్జాతీయ ప్రమాణం 1999లో వచ్చింది, దాని వెనక ఉన్న కారణాల్లో ఈ బాట్ వ్యవహారమూ ఒకటి.

జూలై 2న రేటు వదిలేయగానే బాట్ ఆ రోజే పదిహేను శాతానికి పైగా పడింది. రేటు కాపాడే పని పోయింది కాబట్టి నిల్వల బెంగ తీరిందని అనుకుంటాం. తీరలేదు. స్వాప్ ఒప్పందాలు బతికే ఉన్నాయి. ఆగస్టులో ద్రవ్యనిధి నాయకత్వంలో 17.2 బిలియన్ల సాయం ఖాయమైనప్పుడు, షరతుల్లో భాగంగా కేంద్ర బ్యాంకు తన ఫార్వర్డ్ బాకీలు 23.4 బిలియన్లని బయటపెట్టింది. అంటే వచ్చిన సాయంకన్నా ఇవ్వాల్సినదే ఎక్కువ. ఒప్పందంలో 26కి ఇస్తామన్న డాలరు మార్కెట్లో 40 పలుకుతున్న రోజున, ప్రతి బిలియన్ మీదా 14 బిలియన్ల బాట్ నష్టం. ఆ డాలర్ల గడువులు రాబోయే ఏడాది పొడుగునా ఒక్కొక్కటే వస్తాయని ఇప్పుడు అందరికీ తెలుసు, అందరికీ తెలుసని కూడా అందరికీ తెలుసు. 1998 జనవరి దాకా బాట్ దిగజారుతూనే పోయింది.